గిన్నె గెలిచిన ఆట

ఆ ఆదివారం ఆఖరి ఆటలో అరుంధతి చేతిలో ఏ ముక్కలున్నాయి? ఆమె నిజంగానే ఓడిందా, గెలిచే ఆటను తానే వదిలేసిందా? ఈ కథ రాయడానికి కూర్చున్నప్పుడు నాకు తెలియలేదు, రాయడం పూర్తయినా తెలిసేది కాదు. అడుగుదామంటే ఆమె చెప్పే మనిషి కాదు. అడిగితే చూపు తిప్పి, "ఆట అయిపోయినంక ముక్కల ముచ్చటేంది?" అంటుంది.

అరుంధతి నారాయణగూడలో కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయింది. పేక నేర్చుకున్నది అక్కడే, మధ్యాహ్నం డబ్బాలు మూసిన తర్వాత. మొదట్లో మగవాళ్లు ఆమెకు ముక్కలు పంచలేదు. "ఆడమనిషివి, పేకాడుడేంది మేడం?" అన్నారు. ఆమె కుర్చీ లాక్కుని వాళ్ల వెనక కూర్చుంది. నెల రోజులు నోరు తెరవకుండా చూసింది. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో, ఎవరు జోకర్ రాగానే గొంతు సవరించుకుంటారో చూసింది. ఒకరోజు ఒకాయన సెలవు పెట్టాడు. ఆ ఖాళీ కుర్చీలో కూర్చుని, వరుసగా మూడు ఆటలు షో చేసి గెలిచింది. ఆ తర్వాత ఆమె లేకుండా ముక్కలు కలపలేదు వాళ్లు. పెళ్లిళ్లలో, పేరంటాలలో బంధువులు ఆమె పక్కన కూర్చోవడానికి జంకేవాళ్లు. కింద పడ్డ ప్రతి ముక్కా ఆమె తలలో కూర్చునేది.

ఆమె అన్న రామచంద్రయ్యకు మాత్రం ఇదంతా నవ్వులాట. "జూదం జూదమే చెల్లె. ముక్కలు మంచిగ పడితే గెలుస్తవు, లేకుంటే లేదు" అనేవాడు.

"మరి నాకే ఎందుకు మంచిగ పడుతయి అన్నా, ముప్పై ఏండ్ల నుంచి?" అని ఆమె మొగమ్మీదే అడిగేది. ఆమెకు బతుకులో ఒకే ఒక్క పంతం: రమ్మీ నేర్పు, అదృష్టం కాదు. ఆ పంతాన్నే పట్టుకున్నాడు రామచంద్రయ్య కొడుకు ఫణీంద్ర.

ఫణీంద్ర అశోక్ నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. చదువుతున్నానని చెప్పేవాడు. రీడింగ్ రూంలో పుస్తకం మధ్యన ఫోను పెట్టుకుని క్రికెట్ టీములు కట్టేవాడు. పదకొండు మంది ఆటగాళ్లను ఏరితే, అసలు మ్యాచ్‌లో వాళ్లు ఆడినదాన్ని బట్టి పాయింట్లు వస్తాయి, కెప్టెన్ చేసినవాడివి రెట్టింపవుతాయి. చాయ్ బండి దగ్గర స్నేహితుల పందేల్లో వాడిదే ఎప్పుడూ పైచేయి. అదే టీమును యాప్‌లో నలభై తొమ్మిది రూపాయల పోటీలో పెడితే, లక్షల మంది మధ్యన ఎక్కడో మునిగిపోయేది. ఒకసారి మాత్రం ఎనిమిది వేలు వచ్చాయి. ఆ ఎనిమిది వేల సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. మిగతా టీముల సంగతి వాడికే గుర్తులేదు.

"అత్తమ్మా, నీ అసుంటోళ్లు ఇంట్ల కూసునుడేంది? కోర్టులే అన్నయి, రమ్మీ స్కిల్ గేమ్ అని" అంటూ వాడే ఆమె ఫోనులో రమ్మీ యాప్ పెట్టాడు. తెలంగాణలో పైసలతో ఆన్‌లైన్ రమ్మీ ఆడడం ఎప్పుడో బంద్ అయింది. దేశమంతా ఆపే చట్టం మాత్రం ఆ ఎండాకాలానికి ఇంకా రాలేదు. వాడు ఖాతాను పూణెలో ఉన్న స్నేహితుడి పేర తెరిచి, ఫోను కూడా పూణెలోనే ఉన్నట్టు చూపించే ఇంకో యాప్ పెట్టాడు. అరుంధతికి అదంతా తెలియదు. 'నేర్పు ఆట' అని తెరమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే, ముప్పై ఏళ్ల తర్వాత తన మాటను ఎవరో ఒప్పుకున్నారనుకుంది.

బాగానే ఆడింది. కానీ పైసలు తరుగుతూ వచ్చాయి. ముందు ముక్కలను తిట్టింది. తర్వాత కళ్లద్దాలు మార్పించుకుంది. వయసు మీద పడి జ్ఞాపకం మొద్దుబారిందేమోనని ఆమెకు మొదటిసారి భయం వేసింది. ఆ భయంతోనే పాత ఆటలన్నీ తెరిచి చూసింది. వంద టేబుళ్లలో పంతొమ్మిది గెలిచి ఉంది. ఆరుగురు ఆడే ఆటలో సగటు మనిషికి వచ్చేవి పదహారో, పదిహేడో. అంటే తాను అందరికన్నా మెరుగే. మరి ఎందుకు తరిగింది?

అప్పుడు తెర పైమూలకు చూసింది. ఎంట్రీ వంద. ఆడేది ఆరుగురు. గెలిస్తే ఐదువందల పది.

"ఫణీ, ఆరువందలు కావాలె కదరా. తొంభై ఎవడు తిన్నడు?"

"గది ప్లాట్‌ఫాం ఫీజు అత్తమ్మా. అందరికీ ఉంటది."

"అందరికీ ఉంటదా! అయితే అందరం మునుగుతున్నమన్నట్టు." వంద ఆటలకు పదివేలు కట్టింది. పంతొమ్మిది గెలుపులకు తొమ్మిదివేల ఆరువందల తొంభై వచ్చింది. జ్ఞాపకం మొద్దుబారలేదు. ఆమెకు ఎంత కోపం వచ్చిందో అంత సంతోషమూ వేసింది. యాప్ ఆ నిమిషమే తీసేసింది.

ఫణీంద్ర తన ఫోనులోవి తీయలేదు. పైగా ఆ ఆదివారం, చిక్కడపల్లిలో అన్న ఇంటికి అరుంధతి భోజనానికి వచ్చినప్పుడు, గుమ్మం పక్కన వాడి సంచి సర్ది ఉంది. పూణెలో నలుగురు కుర్రాళ్లు కలిసి గది తీసుకున్నారట. అక్కడ పైసలతో రమ్మీ ఆడడానికి, టీములు కట్టడానికి అడ్డులేదట. పొద్దంతా అదే పని. రాత్రికి బస్సు. వచ్చే వారం పరీక్ష ఉంది. రాయడట.

తల్లి విజయశ్రీ ముక్కు ఎగబీలుస్తూ వడ్డిస్తోంది. రామచంద్రయ్య కంచం ముందు గర్జిస్తున్నాడు. "జూదగాడు! నా కడుపున జూదగాడు పుట్టిండు!"

"జూదం కాదు బాపూ, స్కిల్! అత్తమ్మను అడుగు!"

అందరూ అరుంధతి వైపు తిరిగారు. అవునంటే పిల్లవాడు బస్సెక్కుతాడు. కాదంటే ముప్పై ఏళ్ల తన మాట తానే మింగాలి. ఆమె చేయి కడుక్కుని వచ్చింది.

"స్కిలే. కాదన్నోని నోరు పడిపోను" అంది. రామచంద్రయ్య నోరు తెరిచాడు. "ఆగు అన్నా. వదినా, ముక్కలు తే. చింతగింజలు కూడ. ఒక స్టీలు గిన్నె."

నలుగురూ చాప మీద కూర్చున్నారు. మనిషికి వంద గింజలు. ప్రతి ఆటకూ తలా పది వేయాలి. కుప్పలో నలభై అవుతాయి. అందులో ఆరు గిన్నెలో పడతాయి. గెలిచినవాళ్లకు ముప్పై నాలుగు.

"గిన్నె ఎవరిది?" అంది విజయశ్రీ.

"ఎవరిది కాదు. అది ఆడదు, ముక్కలు పట్టదు, ఓడదు. ఊకె కూసుంటది."

ఆట మొదలైంది. మొదట్లో గిన్నెను ఎవరూ పట్టించుకోలేదు. రామచంద్రయ్య తన ముక్కలను తానే తిడుతూ, పక్కవాళ్లకు పనికొచ్చేవే పడేస్తున్నాడు. "అన్నా, నువ్వు నాకు పంచుతున్నవా, ఆడుతున్నవా?" అంది అరుంధతి. విజయశ్రీకి ఏడుపు మరిచిపోయి పంతం వచ్చింది. రాణి కోసం మూడు రౌండ్లు ఆగి షో చేసి, "స్కిలా, లక్కా?" అని మొగుణ్ని ఎగతాళి చేసింది. ఫణీంద్ర పళ్లు బిగించి ఆడాడు. అత్త గెలుస్తున్నకొద్దీ వాడి మొహం వెలుగుతోంది. ఆమె గెలుపు తన టికెట్టు అన్నట్టు చూస్తున్నాడు.

పంతొమ్మిది ఆటలయ్యాయి. అరుంధతివి ఆరు గెలుపులు, విజయశ్రీవి ఐదు, ఫణీంద్రవి నాలుగు, రామచంద్రయ్యవి నాలుగు. ఇరవైతో ఆపుదామనుకున్నారు.

ఆఖరి ఆటలో అరుంధతి ముక్కలు సర్దుకుంది. జోకర్ కలవని వరుస ఒకటి ఉండి తీరాలి, అది లేనిదే షో లేదు. ఆమె వేళ్లు ఒకసారి ఆగాయి. ఫణీంద్ర చూశాడు. గెలిచే చేయి పడ్డప్పుడే ఆమె వేళ్లు అట్లా ఆగుతాయని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆమె ముక్కలన్నీ బోర్లించి పెట్టి, "నేను డ్రాప్" అంది. పది గింజలూ పోయినట్టే. మిగతా ముగ్గురూ ఆడారు. ఫణీంద్ర గెలిచాడు.

"లెక్కపెట్టుండ్రి" అంది అరుంధతి.

రామచంద్రయ్య దగ్గర ముప్పై ఆరు మిగిలాయి. విజయశ్రీ దగ్గర డెబ్బై. ఫణీంద్ర దగ్గర డెబ్బై. అందరికన్నా ఎక్కువ గెలిచిన అరుంధతి దగ్గర నూట నాలుగు. పొద్దంతా ఆడితే నాలుగు గింజల లాభం.

"అండ్ల గవర్నమెంటుకు పన్ను ముప్పై శాతం" అంది ఆమె. "ఇగ గిన్నె లెక్కపెట్టు."

ఫణీంద్ర గిన్నెను చాప మీద బోర్లించాడు. నూట ఇరవై.

ముందుగా తేరుకున్నది వాడే. "నువ్వు ఆఖరిది కావాలనే ఇడిసినవు అత్తమ్మా! గెలిస్తే నీకు నూట ముప్పై ఎనిమిది అయితుండె!"

"అయితుండె. అప్పుడు గిన్నెల ఎన్ని ఉంటుండె?"

వాడు చాప మీది కుప్పను చూశాడు. "నూట ఇరవయ్యే."

"నేను ఏడు గెలిచినా, మూడే గెలిచినా, మీ బాపు లక్కుతోని గెలిచినా, గిన్నెకు గన్నే గింజలు. మా ఆఫీసుల కూడ ఆటకింత తీసేటోళ్లం. గది చాయ్ అయి, మిర్చి బజ్జి అయి మల్ల మన నోట్లెకే వచ్చేది. గీ గిన్నెల పడింది రాదు." ఆమె గొంతు పెరిగింది. "నువ్వు నేర్పుగాడివే. నీ చాయ్ బండికాడ గెలుస్తవు, ఆడ గిన్నె లేదు. ఎదురుంగ మీ బాపు అసుంటోళ్లు ఉంటరు. పూణెల పొద్దంత కూసుండేటోళ్లు మీ బాపు అసుంటోళ్లు కారు. వాళ్లు నీ అంత వాళ్లే. నీకూ వాళ్లకూ తేడా గోరంత, గిన్నె తినేది బారెడు. నీ పరీక్షల తప్పు రాసినా మార్కు కొయ్యరు కదా? గీడ ఒప్పు రాసినా కోస్తరు బిడ్డా."

"అందుకే అంటున్న, జూదమని..." రామచంద్రయ్య అందుకోబోయాడు.

"నువ్వు నోర్ముయ్యి అన్నా! అదృష్టమే అయితే ముప్పై ఆరు గింజలతోని కూసున్నవేంది? నేర్పు నేర్పే. నా నేర్పును జూదం అన్న నిన్నూ ఒప్పుకోను, దాన్ని బేరం పెట్టి నడుమల తినేటోన్నీ ఒప్పుకోను. ఇద్దరు దొంగలే."

విజయశ్రీ చాయ్ పెట్టడానికి లేచింది, నవ్వు ఆపుకోలేక. ఫణీంద్ర గింజలను గుప్పిళ్లతో ఎత్తి మళ్లీ గిన్నెలో పోశాడు. తర్వాత ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. అవతలివాడు ఏమన్నాడో గానీ, వీడి మాట లోపలికి వినబడింది. "లేదు బే, వస్తలేను... భయం కాదు, లెక్క. గదిల నా జాగ ఇంకొకనికియ్యి."

రామచంద్రయ్య కళ్లు మూసుకున్నాడు. సంతోషాన్ని బయటపెట్టడం ఆయనకు చేతకాదు.

ఫణీంద్ర లోపలికి వచ్చేసరికి ముక్కలు దొంతరగా పేర్చి ఉన్నాయి. అరుంధతి బోర్లించిన పదమూడూ అందులో కలిసిపోయాయి. "అత్తమ్మా, నిజం చెప్పు, నీ చేతుల ఏమున్నయి?" అని అడుగుతూ ఆమె వైపు తిరిగాడు. ఆమె లేదు, కూర్చున్న చోట చాప మాత్రం కాస్త నలిగి ఉంది.

విజయశ్రీ నాలుగు కప్పులతో వచ్చి నిలబడింది. ఎవరింటి నుంచి వెళ్తున్నా 'పోయొస్త' అనకుండా గడప దాటదు అరుంధతి. ఇవాళ ఆ మాట ఎవరికీ వినబడలేదు. ఫణీంద్ర బాల్కనీలోకి పరుగెత్తి కిందికి చూశాడు. చిక్కడపల్లి చౌరస్తా వైపు, ఆటోల మధ్యలోంచి, చెంగు నడుముకు దోపుకుని ఆమె చకచకా పోతోంది. వెనక్కి తిరగలేదు.