సస్పెన్స్ ఖాతాలో దాచిన తేడా

మైదుకూరులోని ఒక ఎరువుల దుకాణం లెక్కలను పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మార్చడానికి నేను కర్నూలు నుంచి వెళ్లాను. ఆ ఊళ్లో లెక్కలు తెలిసినవాడిని నేనొక్కణ్ణే అన్నట్టు కుర్చీలో కూర్చున్నాను. ఆ కూర్చోవడం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే చీదర పుడుతుంది.

మొదటి రోజే అక్కడి పాత గుమాస్తా నా పక్కన నిలబడి చెప్పాడు: "సారూ, ఈడ రైతు పసుపు అమ్మినాక డబ్బు తెచ్చి, 'నా లెక్కలో ఏసుకోప్పా' అని పోతాడు. ఏ బిల్లుకో చెప్పడు. అట్లాటి జమలు వేరేగా ఉండాయి. మర్చిపోవద్దండి."

"సిస్టమ్ చూసుకుంటుంది," అన్నాను, తలెత్తకుండా.

డేటా ఎక్కించాక సరిచూశాను. గోదాములో యూరియా బస్తాల నుంచి మందు డబ్బాల దాకా సరుకు సరిపోయింది. ఇంకా కట్టని బిల్లుల సంఖ్యా సరిపోయింది. రైతుల బాకీల మొత్తం మాత్రం పాత లెడ్జర్ కంటే నాలుగు లక్షల పైచిలుకు ఎక్కువ తేలింది. వెతకాలి. నేను వెతకలేదు. తేడానంతా, లెక్క తేలని మొత్తాలను తాత్కాలికంగా పెట్టే సస్పెన్స్ ఖాతాలో వేసి, రెండు వైపులా సమం చేసి, కాగితం మీద 'పాత పుస్తకాల్లో దోషం' అని రాసి సంతకం పెట్టాను. చేతివ్రాత మాత్రం చాలా అందంగా వచ్చింది.

వారం తిరగకముందే కొత్త సాఫ్ట్‌వేర్ పంపిన బాకీ చీటీ, డబ్బు కట్టిన పాత రసీదు పట్టుకుని వేంపల్లె రైతొకడు వచ్చాడు.

"ఏమప్పా, పసుపు అమ్మి కట్టిపోయినా గదా. మళ్లా కట్టల్నా?"

యజమాని రసీదు చూశాడు, నేను రాసిన కాగితం చూశాడు, తర్వాత ఆ పాత పుస్తకాలు రాసిన గుమాస్తా ముఖం చూశాడు. ముప్పై ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న మనిషిని ఒక్క చూపుతో దొంగను చేశాడు. "ఈ డబ్బు యాడికి పోయిందప్పా?" అని అడిగాడు. గుమాస్తా నా వైపు తిరిగాడు. నేను స్క్రీన్ వైపు తిరిగాను.

మధ్యాహ్నం భోజనం మానేసి ఫైల్ తెరిచాను. పాత సాఫ్ట్‌వేర్ నుంచి డేటా బయటికి తీసేటప్పుడు 'బిల్లులు మాత్రమే' అని ఎంచుకున్నది నేనే. బిల్లుకు తగలని జమలు పాతదాంట్లోనే ఉండిపోయాయి. వాటి మొత్తం కూడి చూశాను. నా తేడాతో రూపాయితో సహా సరిపోయింది.

"డేటా లోడ్ చేయడంలో చిన్న పొరపాటు జరిగింది," అన్నాను యజమానితో.

"పొరపాటు లోడుదా, మీదా సారూ?" అన్నాడు గుమాస్తా.

నాదే అన్నాను. ఆయన ముందు చెప్పాడనీ, నేను వినలేదనీ కూడా చెప్పాను. యజమాని గొంతు సవరించుకుని, "సరేలే, అయిపోయింది గదా," అన్నాడు. క్షమాపణ అడగడం ఆయనకూ చేతకాలేదు.

"యాడ అయిపోయింది?" అన్నాడు గుమాస్తా. "మొత్తం సరిపోతే చాలదు. మనిషి మనిషికీ చూడాల."

ఆ జమలన్నీ ఎక్కించి, సస్పెన్స్ ఖాతాను సున్నా చేశాను. తర్వాత రెండు రోజులు నేను ఒక్కో రైతు పేరూ, బాకీ మొత్తమూ చదివాను, ఆయన పాత లెడ్జర్‌లో టిక్కు పెట్టాడు. ప్రతి పేజీ కిందా నా చేతనే సంతకం పెట్టించాడు. టీ మాత్రం తనొక్కడికే తెప్పించుకున్నాడు.