చుక్కలమ్మ, వంగిన గీత

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ చుక్కలమ్మ అనేవారు. పద్దెనిమిదేళ్లుగా పిపెట్‌తో గొట్టాల్లో చుక్కలు వేస్తోంది మరి. "అక్కడ చుక్క కూడా తేడా రానివ్వదు, ఇంట్లో కూరలో ఉప్పు మాత్రం దేవుడికే తెలియాలి" అని మొగుడు ఆటపట్టించేవాడు. ఉద్యోగం మాత్రం ఏటా పెద్ద మేడమ్ సంతకంతోనే గట్టెక్కేది. ఈసారి ఆ పొడిగింపు కాగితం మూడు వారాలుగా మేడమ్ బల్ల మీదే పడి ఉంది.

మేడమ్ మహా హుషారుగా ఉంది. కణాల పొరలు హార్మోనును ఎంత గట్టిగా పట్టుకుంటాయో, పట్టుకునే చోట్లు ఎన్నో చెప్పే గ్రాఫ్ వచ్చింది. అడ్డంగా, పట్టుబడిన హార్మోను. నిలువుగా, దాన్ని విడిగా మిగిలినదానితో భాగిస్తే వచ్చేది. గ్రాఫ్ మీది చుక్కలు తిన్నగా కిందికి దిగితే వాలును బట్టి పట్టు ఎంత గట్టిదో చెప్పే విఘటన స్థిరాంకం, అడ్డగీతను తాకినచోట చోట్ల లెక్క తెలుస్తాయి. ఇవి తిన్నగా దిగలేదు. సగం దాకా వచ్చి, వంగి, తోకలా సాగిపోయాయి. మేడమ్ స్కేలు పెట్టి రెండు గీతలు గీసింది.

"రెండు రకాల చోట్లున్నాయి. వచ్చే వారం పత్రికకు వ్యాసం పంపించేద్దాం."

చుక్కలమ్మ గుండెల్లో రాయి పడింది. కొలవడానికి రేడియోధార్మిక లేబుల్ తగిలించిన హార్మోను కొంత అసలు చోట్లలో కాక, గొట్టానికీ పొరలకూ ఊరికే అంటుకుంటుంది. అదెంతో తేల్చడానికి, అసలు చోట్లన్నీ నింపేసేలా లేబుల్ లేని హార్మోను దండిగా పోసిన బ్లాంక్ గొట్టం ప్రతి మోతాదుకూ పెట్టాలి. సరుకు తక్కువని ఆమె అతి చిన్న మోతాదు దగ్గర ఒక్కటే పెట్టి, ఆ అంకెనే అన్నిటిలోంచీ తీసేసింది. ఊరికే అంటుకునేది మోతాదుతో పాటు పెరుగుతుంది కదా. తీయకుండా మిగిలిపోయిందే ఆ తోకేమో.

భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరికీ చెప్పకుండా, మిగిలిన కాస్త సరుకుతోనే ప్రతి మోతాదుకూ బ్లాంక్ పెట్టి మళ్లీ చేసింది. చుక్కలన్నీ ఒకే గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఒకే రకం చోట్లు, మేడమ్ లెక్కగట్టినవాటిలో సగం కూడా లేవు.

ఆ గ్రాఫూ, పాత నోట్‌బుక్కూ పట్టుకుని మేడమ్ గదికి వెళ్లింది.

"తోక నిజం కాదండీ. బ్లాంక్ ఒక్కటే పెట్టాను."

మేడమ్ కొత్త గ్రాఫ్‌ను పాతదాని పక్కన పెట్టింది. "ఒక్కటే ఎందుకు పెట్టావు?"

చుక్కలమ్మ నోట్‌బుక్ తెరిచి చూపించింది. అంచున మేడమ్ చేతిరాతే: 'బ్లాంక్ ఒకటి చాలు.'

మేడమ్ మొహం పాలిపోయింది. లేచి తలుపు వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఈ పేజీ ఇంకెవరైనా చూశారా?"

"లేదండీ."

"సరే. పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్లు."

సంతకం లేని కాగితం ఇద్దరి మధ్యా బల్ల మీదే ఉంది. చుక్కలమ్మ దాన్ని చూసింది. ఇంటి అద్దె, కూతురి చదువు, మొగుడి మొహం గుర్తొచ్చాయి. ఇంత భయం ఆమె ఎన్నడూ ఎరగదు. అయినా నోట్‌బుక్ మూసి, రెండు చేతులా గుండెకు అదుముకుంది.

"జిరాక్స్ తీసి ఇస్తానండీ" అంది.