డబ్బింగులో లేని దగ్గు

మొన్న ఫోనులో ఒక విదేశీ బొగ్గుగని సినిమాను సబ్‌టైటిళ్లతో చూస్తుంటే, కూలిన గనిలో చిక్కుకున్నవాడు దగ్గాడు.

చిన్నప్పుడు చంద్రపూర్‌లో మా ఇంట్లో అదే సినిమాను నాన్నతో డీవీడీలో, తెలుగు డబ్బింగు పెట్టుకుని చూశాను. గనిలో పనిచేసే నాన్నకు చదవడం నెమ్మది. "సదివేలోపే అచ్చరాలు పోతయి, బొమ్మ ఎప్పుడు చూడాలె? మొదటిసారికి డబ్బింగే మంచిది బిడ్డా," అన్నాడు. తెరమీది మనిషికి నిజంగానే తెలుగు వచ్చనుకున్నాను. అతను దగ్గగానే నాన్న తల అడ్డంగా ఊపాడు. "పెదవులకు మాట మంచిగనే కుదిర్చిండ్రు. గీ దగ్గు మాత్రం గనిలది కాదు."

ఊరికే వంకలు పెడుతున్నాడనుకున్నాను.

మాటలతోపాటు దగ్గును కూడా స్టూడియోలో వేరొకరు దగ్గుతారని తర్వాత తెలిసింది. మొన్న విన్నది అసలు నటుడి గొంతు. ఆఖరి ఏడాదంతా నాన్న మంచం మీంచి వినిపించిన దగ్గు అది. దాని కింద తెరమీద అక్షరమేమీ పడలేదు. నాకు అవసరమూ లేకపోయింది.