'కాబట్టి' చాటున దాగిన మాట

ఎముకల వార్డులో సిస్టరమ్మ అంటే అందరికీ హడలే. సూది వేస్తే నొప్పి తెలియదు కానీ, మందు మింగనివాణ్ని మాత్రం వదిలిపెట్టదు. అంతటి మనిషికీ ఒక్క వ్యాసమంటే గుండెల్లో రాయి పడేది. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం ఆమె కల. దానికి వ్యాసపరీక్ష ఉంది. రెండుసార్లు ఫెయిలైంది. వయసు లెక్కన ఇంకొక్క అవకాశమే మిగిలింది.

ఏడో నంబరు మంచంమీద తుంటి విరిగి చేరిన పెద్దాయన ఉన్నాడు. ప్రెస్సులో అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దడం ఆయన పని. మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక, సిస్టరమ్మ సాధన కోసం రాసిన వ్యాసం ఆయన చేతిలో పెట్టింది.

"అమ్మాయ్, పేరా మారితే చాలు, 'అయితే', 'అంతేకాక', 'కాబట్టి'. ముగ్గురే వంతులేసుకుని డ్యూటీ చేస్తున్నారు," అన్నాడాయన.

"వేరే మాటలు ఓ పాతిక రాసివ్వండి బాబాయ్ గారూ. బట్టీ పట్టేస్తాను."

ఆయన ఇవ్వలేదు. అవన్నీ కొట్టేసి పైకి చదవమన్నాడు.

చదివింది. సగం చోట్ల ఏ లోటూ కనిపించలేదు. ఒకచోట 'అంతేకాక' పోయాక, ముందు వాక్యంలోని భయాన్నే అందుకుని 'ఆ భయంతోనే రోగి' అని మొదలుపెడితే సరిపోయింది. ఇంకోచోట నిజంగానే ఎదురు తిరిగే మాట కావలసివచ్చింది. అక్కడ 'ఇంత జాగ్రత్తపడినా' అని రాయించాడు. ఒక్క 'అయితే'ను మాత్రం, దాని పని అది చేస్తోందని, మళ్లీ పెట్టించాడు.

చివరి పేరాలో మాత్రం రెండు వాక్యాలు విడివిడిగా నిలిచాయి. 'చూడవచ్చే జనంతో వార్డులో ఇన్ఫెక్షన్లు పెరుగుతున్నాయి.' తర్వాత కొట్టేసిన 'కాబట్టి'. ఆపైన 'నర్సుల సంఖ్య పెంచాలి.'

"ఈ రెంటికీ ఏం చుట్టరికం?" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "లేకేం? నలభై మంచాలకి మేం ఇద్దరం. తినిపించాలన్నా, పక్కకి తిప్పాలన్నా ఇంట్లోవాళ్లు ఉండాల్సిందే. జనం చేరేది అందుకేగా."

"అదే రాయి మరి. నీకు తెలుసు కదాని వదిలేశావు. చదివేవాడికి తెలియొద్దూ?"

స్టూలు లాక్కుని రాసింది. ఆ మాటలు పడ్డాక 'కాబట్టి' అవసరమే లేకపోయింది. తనకు భాష రాదని ఇన్నాళ్లూ కుమిలిపోయింది. పదిహేడేళ్లుగా కళ్లారా చూస్తున్నదాన్ని రాయకుండా దాటేస్తున్నానని ఎవరూ చెప్పలేదు. ఆయన మీద కోపం కాస్తా కళ్లనీళ్లయింది.

పరీక్షలో వేరే ప్రశ్న వచ్చింది. పేరా ముగిసిన ప్రతిసారీ ఆగి, నాకు తెలిసీ రాయనిది ఏముందని తనను తాను అడిగింది.

ఫలితాలు రాగానే ప్రెస్సుకు పరుగెత్తింది. చేతికర్ర పక్కన పెట్టుకుని పెద్దాయన పనిలో ఉన్నాడు. యంత్రాల హోరులో ఆమె చెప్పేది వినబడలేదు. కాగితం లాక్కుని రాసింది: 'పాసయ్యాను. మీ మేలు ఈ జన్మకి మరిచిపోను.'

ఆయన దిద్దే కలం చేతపట్టుకునే రెండుసార్లు చదివాడు. కలం మూసి, కాగితం చొక్కా జేబులో పెట్టుకుని, ఆమె చెవి దగ్గర గట్టిగా అన్నాడు:

"ఇందులో నాకేం పని లేదమ్మాయ్."