వెంకాయమ్మ నమ్మిన ఒక్క మాట

ప్రత్తిపాడు వెంకాయమ్మ ఎవర్నీ నమ్మేది కాదు. మిరపకల్లంలో కూలివాళ్లు ఏరేసిన తాలుకాయల్ని తాను మళ్లీ ఏరేది. పాలు పోసేవాడి ఎదుటే పాలు వేలికి రాసుకుని చూసేది. కోడలు రాజ్యం పుట్టింటికి కబురు పంపితే, ఏం పంపిందో కబురు మోసినవాణ్ణి పిలిచి అడిగేది. ఆమెను తప్పుపట్టను. మోసపోయినవాళ్ల ఊళ్లో నమ్మకం ఎక్కడ మొలుస్తుంది?

మనవడికి రెండో నెలలో బొడ్డు ఉబ్బింది. ఏడిస్తే రేగుపండంత అయ్యేది. ఊళ్లో డాక్టరు వేలితో మెల్లగా నొక్కితే లోపలికి జారింది.

"భయం లేదమ్మా. బిడ్డ పెరిగేకొద్దీ చాలామందికి దానంతటదే పూడుకుపోతుంది. గట్టిపడినా, నొప్పితో ఏడ్చినా తీసుకురండి. బొడ్డు మీద కాణీలు మాత్రం కట్టొద్దు."

"మందివ్వనివాడు డాక్టరేంటే?" అని వెంకాయమ్మ బయటికొచ్చి గొణిగింది. ఇంటికెళ్లగానే రాగి కాణీ పెట్టి గుడ్డ బిగించింది. కాణీ కింద చర్మం ఒరుసుకుపోయింది. రాజ్యం ఎవరికీ చెప్పకుండా విప్పేసింది.

మూడో నెలలో స్నానం చేయిస్తుంటే పిల్లాడి కుడి గజ్జలో చిన్న ఉబ్బు రాజ్యం కంటబడింది. ఏడిస్తే పైకొచ్చేది, నిద్రపోతే కనబడేది కాదు.

"అత్తా, డాక్టరుకు చూపిద్దాం."

"ఎందుకే? దానంతటదే పోతుందని ఆయనే అన్నాడుగా! పుట్టింటి దారిలోనే ఆసుపత్రి ఉందనా ఈ తొందర?"

ఎన్నడూ ఎవరి మాటా నమ్మని మనిషి, బొడ్డు గురించి చెప్పిన మాటను తెచ్చి గజ్జకు అంటగట్టింది.

ఒక పొద్దున ఆ ఉబ్బు రాయిలా గట్టిపడింది. పైచర్మం ఎర్రబడింది. పిల్లాడు రొమ్ము పట్టలేదు, పచ్చగా కక్కాడు.

"ఏం తిన్నావే నువ్వు? వంకాయ తిన్నావా?"

రాజ్యం పిల్లాణ్ణి కొంగులో చుట్టుకుని గుంటూరు బస్సెక్కింది. మొగుడు అంకయ్య వెనకే పరిగెత్తాడు. వెంకాయమ్మా ఎక్కింది, వీళ్లు ఎక్కడికి పోతారో చూద్దామని.

పెద్దాసుపత్రిలో సర్జను చూసీ చూడగానే నర్సును కేకేశాడు.

"పేగు ఇరుక్కుంది. వెంటనే కొయ్యాలి."

"మూడు నెలల పసిగుడ్డునా? నేర్చుకోడానికి మా పిల్లాడే దొరికాడా నీకు?" అని వెంకాయమ్మ అడ్డం నిలబడింది. "బొడ్డుది పోతుందన్నారు, ఇది పోదా?"

"బొడ్డు వేరు, గజ్జ వేరు. గజ్జలో ఉబ్బు వచ్చిపోతున్నప్పుడే ఆపరేషనుకు చూపించాలి, అది దానంతటదే పూడదు. ఇప్పుడు పేగుకు రక్తం అందట్లేదు. ఆలస్యమైతే కుళ్లుతుంది. జరుగు!"

"సంతకం నువ్వు పెట్టు" అంది రాజ్యం మొగుడితో. అంకయ్య తల్లి వైపు చూశాడు.

"అటు చూడకు" అంది.

పెట్టాడు.

పేగు నల్లబడి ఉందిట. వేడి గుడ్డల కింద ఉంచితే మళ్లీ ఎర్రనైందిట. పేగును కొయ్యకుండానే లోపల పెట్టి కుట్టారు.

మర్నాడు పిల్లాడు పాలు తాగుతుంటే వెంకాయమ్మ మంచం దగ్గరికొచ్చి కుట్ల మీది గుడ్డ తొలగించి చూడబోయింది.

"చెయ్యి తియ్యండి అత్తా."

వెంకాయమ్మ చెయ్యి తీసింది.