నలభై రెండు మిల్లీమీటర్ల జూకా

పూసలక్క గుండీల ఫ్యాక్టరీలో పదహారేళ్లు పనిచేసింది. బెల్టు మీద వచ్చే గుండీల్లో వంకరవీ, పగిలినవీ ఏరి పారేయడమే ఆమె పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతులు ఊరుకోలేదు. ఇత్తడి తీగ వంచి, గాజుపూసలు గుచ్చి, జూకాలు చేయడం మొదలుపెట్టింది. పూసలక్క అని వీధివాళ్లు పెట్టిన పేరే ఆమెకు స్థిరపడిపోయింది. ఆమె చేస్తే, తోడికోడలు ఫోనులో వీడియో తీసి ఆన్‌లైన్లో అమ్మకానికి పెట్టేది.

పోయిన నెల పెట్టిన వీడియోలో పాట ఉంది, తళుకులున్నాయి. జూకా ఎంత పొడవో, దేనితో చేశారో మాత్రం లేదు. నలభై జతలు అమ్ముడైతే పదకొండు తిరిగొచ్చాయి. "ఇంత చిన్నవా?" అన్నారు కొందరు. "వెండి మీద బంగారు పూత అనుకున్నాం" అన్నారు ఇంకొందరు. చివరికి ఆ అమ్మకాల సైటు నుంచి నోటీసు వచ్చింది. సైజు, లోహం, ధర తేటగా చెప్పే వీడియో శుక్రవారం నాలుగింటిలోగా పెట్టకపోతే ఆ పేజీ తీసేస్తారట.

శుక్రవారం మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల మీద తెల్లగుడ్డ పరిచారు. పూసలక్క జూకా పక్కన స్కేలు పెట్టి, సున్నా గీత కొక్కెం పైఅంచుకు సరిగ్గా ఆనేట్టు జరిపింది.

"పొడవు నలభై రెండు మిల్లీమీటర్లు, వెడల్పు పద్దెనిమిది. ఒక్కోటి తొమ్మిది గ్రాములు. ఇత్తడి మీద పలచటి బంగారు రంగు పూత. ఇది బంగారం కాదు, తడిస్తే పూత పోతుంది."

"పూత పోతుందని మనమే చెప్పాలా అక్కా?"

"వాళ్లు కొన్నాక తెలుసుకుని తిట్టేకన్నా నయం కదా."

తోడికోడలు జూకా చెవికి పెట్టుకుంది, దవడకు ఎంతవరకు వస్తుందో కనబడాలని. ఫోను ఇప్పుడు పూసలక్క చేతిలో ఉంది. "కొక్కెంలో నికెల్ లేదు" అని చెప్పబోతుండగా తెరమీద మెసేజి జారిపడింది. పోయిన నెల కొన్న నర్సు పంపింది. "చెవి తమ్మెలు ఎర్రబడి రసి కారుతున్నాయి. కొక్కేలు దేనితో చేశారు?"

పూసలక్క వీడియో ఆపింది. వెంటనే కొక్కేలు పంపే వ్యాపారికి ఫోను చేసింది.

"నికెల్ లేదనే పెట్టె మీద ఉందిగా అమ్మా. మాకు పైనుంచి అలాగే వచ్చింది" అని పెట్టేశాడతను.

పిల్లల చొక్కాల లోహపు గుండీల్లో చర్మానికి పడని నికెల్ ఉందేమోనని ఫ్యాక్టరీలో ఒక పరీక్ష చేసేవాళ్లు. ఆ మందుసీసా ఆమె ఆర్నెల్ల కిందటే కొంది. పెట్టె మీది రాతను నమ్మి మూతైనా తీయలేదు. ఇప్పుడు దూది పుల్ల మీద రెండు చుక్కలు వేసి కొక్కేన్ని అరనిమిషం రుద్దింది. తెల్లటి దూది గులాబీరంగుకు తిరిగింది. నికెల్ ఉందన్నమాట.

గోడ గడియారంలో రెండున్నర.

"అక్కా, ఆ నికెల్ మాట ఒక్కటి వదిలేసి మిగతాది పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"చెవికి తెలుస్తుంది" అంటూ పూసలక్క సొరుగు లాగింది. ఖరీదని దాచిన టైటానియం కొక్కేలు సరిగ్గా పన్నెండు జతలున్నాయి. వాటిలో ఒకటి తీసి రుద్దింది. దూది తెల్లగానే ఉంది.

ఇద్దరూ చెరో పటకారు పట్టుకున్నారు. జూకాను కొక్కేనికి కలిపే వలయాన్ని లాగి తెరిస్తే గుండ్రం పాడవుతుంది, అందుకని పక్కకు తిప్పి తెరిచి, కొక్కెం మార్చి, మళ్లీ పక్కకే తిప్పి మూశారు. మూడుంబావుకు పన్నెండు జతలూ తయారయ్యాయి. వీడియో మళ్లీ మొదటినుంచి తీశారు. "కొక్కెం టైటానియం. జత ధర ఆరువందల ఎనభై, డెలివరీ ఖర్చు అందులోనే. ఉన్నవి పన్నెండే." పేజీలోనూ ధర, లోహం, సంఖ్య మార్చారు. లేకపోతే వీడియో ఒకటి చెబితే పేజీ ఇంకొకటి చెబుతుంది. సరిగ్గా మూడు యాభై మూడుకు వీడియో ఎక్కింది. 'పరిశీలనలో ఉంది' అని వచ్చింది తప్ప ఇంకేమీ రాలేదు.

ఆ నిరీక్షణలోనే పూసలక్క నర్సుకు జవాబు రాసింది, తప్పు తనదేనని. తర్వాత జూకాలు ఉంచుకున్న మిగతా ఇరవై ఎనిమిది మందికీ రాయబోయింది. తోడికోడలు చెయ్యి పట్టుకుంది.

"కోరి కొరివితో తల గోక్కుంటావా?"

"ఫ్యాక్టరీలో వంకర అని తెలిసీ వదిలేసిన గుండీ ఒక్కటైనా నా చేతిమీదుగా పోలేదు. ఇది పోనిస్తానా?"

'కొక్కేల్లో నికెల్ ఉంది, వాడటం ఆపండి, టైటానియంవి తెప్పించి మార్చి ఇస్తాను, వద్దంటే డబ్బు వెనక్కి' అని అందరికీ పంపింది.

ఐదింటికి ఆమోదం వచ్చింది. పేజీ నిలిచింది. పోయిన నెల కొన్నవాళ్లలో ఒకామె మాత్రం ఒక్క నక్షత్రమే ఇచ్చి, "ముందే పరీక్షించొద్దా?" అని రాసింది. పూసలక్క దానికింద "మీరన్నది నిజం" అని రాసి ఊరుకుంది. సోమవారానికి పన్నెండు జతలూ అమ్ముడయ్యాయి. ఆ వారం వాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు.