తిట్టు తీసేసిన రిమార్కు

అప్పలనరసింహం మేష్టారి కలానికి పళ్ళున్నాయని ఆయన బళ్ళో పంతుళ్ళు చెప్పుకునేవారు. మనిషి మాత్రం మెత్తన. పిల్లల మీద చెయ్యెత్తిన రోజు లేదు. పంతులెవరికైనా జ్వరమొస్తే ఇంటికి మజ్జిగ పంపించే రకం. కానీ తనిఖీ రిజిస్టరు తెరిచి కలం పట్టుకుంటే చాలు, ఎక్కణ్ణుంచి వచ్చేదో ఆ కారం. దానికీ ఓ కథ ఉంది. ఆయన కొత్తగా పంతులయిన రోజుల్లో ఓ అధికారి తన గురించి 'ఈ పనికి పుట్టినవాడు కాదు' అని రాసిపోయాడు. ఆ మాట ఇరవై ఏళ్ళు కడుపులో రగిలింది. అలాంటివాడు తన కింద వాళ్ళకి అలా రాయకూడదు కదా అని మీరనొచ్చు. నేనూ అదే అంటాను. పెద్దరికమంటే అలా రాయడమేనని ఆయన అక్కడే నేర్చుకున్నాడు మరి.

ఆమదాలవలస స్టేషన్లో దిగి, ఎడ్లబండి మీద వరిచేల మధ్య ఓ గంట పోతే వచ్చే ఊళ్ళో జిల్లా పరిషత్తు హైస్కూలుకి ఆయన అరవై ఆరులో హెడ్మాస్టరుగా వచ్చాడు. ఈ సంగతి జరిగింది అరవై ఎనిమిదిలో. హెడ్మాస్టరు ప్రతి పంతులు పాఠమూ చూసి రిజిస్టర్లో రిమార్కు రాయాలి. దాన్ని ఆ పంతులు చదువుకుని సంతకం పెట్టాలి. ఏడాది చివర జిల్లా విద్యాధికారి వచ్చి ఆ రిజిస్టరు తిరగేస్తాడు. పంతులు మంచీ చెడూ పైవాళ్ళకి తెలిసేది అందులోంచే.

ఆ ఏడు మేష్టారి కోపమంతా లెక్కల జగన్నాధం మీద. నలభై ఆరేళ్ళ మనిషి. నల్లగా, సన్నగా, ఎప్పుడూ ఉతికిన పంచెలో ఉంటాడు. ఒకప్పుడు అతని క్లాసంటే పిల్లలు బెల్లం దగ్గర చీమల్లా మూగేవారట. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో సగం మందికి లెక్కల్లో అత్తెసరు మార్కులు. పంతుళ్ళ గదిలో నలుగురూ నవ్వుతుంటే ఇతను బిగుసుకుని కూర్చుంటాడు. పిలిస్తే పలకడు. మేష్టారు రెండు మూడుసార్లు పిలిచి, పలక్కపోయేసరికి మనసులో 'పొగరు' అని ఖాయం చేసేసుకున్నాడు.

ఒక మంగళవారం పొద్దున్న ఎనిమిదో తరగతి గుమ్మంలో నుంచుని పాఠం చూశాడు. గదికి తిరిగొచ్చి, చెమటైనా తుడుచుకోకుండా చిత్తు కాగితం మీద ఇలా రాశాడు: 'జగన్నాధం గారికి పిల్లలంటే లెక్కలేదు. వెనక బెంచీ కుర్రాడు సందేహమడిగితే కావాలని విననట్టు నటిస్తారు. నేను స్వయంగా పిలిచినా పలకని అహంకారం. ఎప్పుడూ ఇదే వరస. ఈయన నిర్లక్ష్యం వల్లే తరగతి పాడైపోయింది.'

రాసి, హాయిగా ఊపిరి పీల్చుకుని, సాపు చెయ్యమని నరసింగరావుకిచ్చాడు. నరసింగరావు ఫస్టు అసిస్టెంటు. మేష్టారి కంటే రెండేళ్ళు పెద్ద. ఆయన మొహమ్మీద ఉన్నమాట అనగలిగినవాడు ఆ బళ్ళో అతనొక్కడే. చదివి కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"ఇదేటి మేష్టారూ, రిమార్కా, తిట్టా?"

"ఉన్నదే రాశాను."

"ఉన్నది అంటే మీరు సూసిందా, అనుకున్నదా? కావాలని అన్నారు, అతని మనసులోకెళ్ళి సూసొచ్చారా? ఎప్పుడూ అన్నారు, మీరెళ్ళింది ఒక్కరోజు. ఇది సదివితే అతనేటి సేస్తాడు? కడుపు మండి సంతకం పెట్టి పోతాడు. రేపట్నుంచి పాఠం బాగుపడతాదా?"

"అయితే బాగుందని రాయమంటావా?"

"అలా ఎందుకంటాను? తప్పు తప్పే. పిల్లలకి జవాబు అందలేదు, అది ఉండాల్సిందే. మనిషినొదిలీసి పని రాయండి. కళ్ళతో సూసింది, సెవులతో విన్నది రాయండి. దానివల్ల పిల్లలకేటి నష్టమో, ముందుకేటి సెయ్యాలో రాయండి. కారణం మాత్రం అతన్నే అడగండి."

మేష్టారికి ఒళ్ళు మండింది. అయినా మాటలో న్యాయముంది, కాదనలేకపోయాడు. కొత్త కాగితం తీసుకున్నాడు. 'లెక్కలేదు' అన్నది కొట్టేశాడు. అది తను చూసింది కాదు. 'నటిస్తారు', 'అహంకారం' కొట్టేశాడు. 'ఎప్పుడూ' కొట్టేశాడు. ఇంక మిగిలిందేమిటి? తను చూసింది ఒక్కొక్కటీ గుర్తు చేసుకుని, ఆరోపణ లేకుండా రాయడం మొదలెట్టాడు.

'ముందు బెంచీ కుర్రాడు మీ ఎదురుగా నిలబడి అడిగిన సందేహాన్ని మూడు రకాలుగా విడమరిచి చెప్పారు. ఆ ఓపిక మెచ్చుకోదగ్గది.' నిజమే. అది చూశాడు. కోపంలో ఇందాక రాయనేలేదు.

'వెనక బెంచీ నుంచి అప్పలసూరి రెండుసార్లు అడిగాడు. అప్పుడు మీరు బోర్డు వైపు తిరిగి రాస్తున్నారు. జవాబు రాలేదు.'

'నేను గుమ్మంలోంచి మిమ్మల్ని పేరు పెట్టి పిలిచాను. అప్పుడూ మీరు బోర్డు వైపే తిరిగి ఉన్నారు.'

కలం ఆగిపోయింది.

రాసిన మూడు ముక్కలూ మళ్ళీ చదివాడు. ఎదురుగా ఉన్నవాడికి జవాబొచ్చింది. వీపు వెనక ఉన్నవాడికి రాలేదు. తనకీ రాలేదు. పంతుళ్ళ గదిలో పిలిచినప్పుడు అతను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నలుగురూ నవ్వుతుంటే బిగుసుకున్నది పొగరుతో కాదు, ఎందుకు నవ్వుతున్నారో తెలియక. తిట్లు అడ్డుగా ఉన్నంతసేపూ ఇది కనపడలేదు. అప్పలనరసింహం మేష్టారు కలం కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. రెండేళ్ళుగా ఒక చెవిటివాణ్ణి పొగరుబోతని పళ్ళు నూరుకున్నందుకు ఆయనకి దుఃఖమొచ్చింది.

కానీ ఆ మాట కాగితం మీద పెట్టలేదు. తను డాక్టరు కాదు. 'నిర్లక్ష్యం' ఎలా ఊహో ఇదీ అలా ఊహే. కింద ఇంత మాత్రం రాశాడు: 'వెనక ఉన్నవాళ్ళకి జవాబు అందక లెక్క అక్కడే ఆగిపోతోంది. ఇక మీద సందేహమున్నవాళ్ళు మీ ఎదుటికొచ్చి అడిగే ఏర్పాటు చెయ్యండి. కారణమేదైనా ఉంటే చెప్పండి, ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.'

మధ్యాహ్నం జగన్నాధాన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి కాగితమిచ్చాడు. అతను చదివాడు. చివరికొచ్చి, మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"మీకు తెలిసిపోయినాది," అన్నాడు.

"ఎన్నాళ్ళనించి?" మేష్టారు మెల్లిగా, పెదాలు కనపడేలా అడిగాడు.

"నాలుగేళ్ళు. విశాఖపట్నం వెళ్ళి సూపించుకున్నాను. నరం సచ్చిపోతన్నాదన్నారు. సెవికి మిషను పెట్టినా గోలే తప్ప మాట తెలీదన్నారు. మొహం సూసి మాట పోల్చుకుంతన్నాను. మా ఇంటిది సుభద్రమ్మకి తప్ప ఎవుళికీ సెప్పలేదు."

"ముందు వేరేలా రాశాను జగన్నాధం. నిర్లక్ష్యం, అహంకారం అని. తప్పు నాది. తీసేశాను."

జగన్నాధం ఆ మాట అందుకుని, బల్ల మీదికి వంగి, మేష్టారి చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యకండి. అదే ఉంచీండి మేష్టారూ. మీకు దణ్ణం పెడతాను. నిర్లక్ష్యమంటే ఏటవుతాది? పైనుంచి ఒక మెమో వస్తాది. ఇకమీద జాగ్రత్తగా ఉంటానని రాసిస్తాను. సెవుడని తెలిస్తే డాక్టర్ల బోర్డుకి పంపిస్తారు. పనికిరాడని ఆళ్ళు ఒక ముక్క రాస్తే ఇంటికే. ఇంకా తొమ్మిదేళ్ళ సర్వీసున్నాది నాకు. లెక్కలు సెప్పడం తప్ప ఇంకోటి తెలీదు. నన్ను పొగరుబోతనండి, సోమరిపోతనండి. సంతకం పెట్టీస్తాను."

ఇలా జరుగుతుందని మేష్టారు కలలోనైనా అనుకోలేదు. తిట్టు తీసేస్తే మనిషికి మేలు చేసినట్టే కదా అనుకున్నాడు. ఇక్కడొకడు తిట్టు ఉంచమని కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. నలిపి పారేసిన చిత్తు కాగితం బుట్టలోనే ఉంది, తీసి సాపు చేస్తే సరిపోతుంది. ఆయన చెయ్యి అటు వెళ్ళింది కూడా.

"నేను చూడనిది రాయలేను," అన్నాడు చివరికి. "నువ్వు నిర్లక్ష్యంగా ఉన్నావని రాస్తే అది అబద్ధం. పిల్లలకి జవాబు అందడం లేదన్నది నిజం. చెవి మాట ఇందులో ఎక్కడా లేదు. నా నోటంట రాదు."

జగన్నాధం సంతకం పెట్టాడు.

నాలుగు నెలలు ఆ ఏర్పాటు బాగా నడిచింది. సందేహమున్నవాడు లేచి బల్ల దగ్గరికొచ్చి అడిగేవాడు. అప్పలసూరికి అరడజను మార్కులు పెరిగాయి. మేష్టారు ఆ గుమ్మం ముందు నుంచి నడిచినప్పుడల్లా లోపలికి ఓ చూపు చూసి తృప్తిపడేవాడు. గండం గడిచిందనే అనుకున్నాడు పాపం.

విద్యాధికారి ఫిబ్రవరిలో వచ్చాడు. చెడ్డవాడు కాదు, చురుకైనవాడు. తిట్లుంటే చూసీ చూడనట్టు పేజీ తిప్పేసేవాడే, హెడ్మాస్టర్ల తిట్లు ఆయనకి కొత్త కాదు. కానీ ఇందులో తిట్టు లేదు. ఎవరు ఎటు తిరిగి ఉన్నారో, ఎవరికి జవాబొచ్చిందో, ఎవరికి రాలేదో శుభ్రంగా ఉంది. మేష్టారు గ్రహించినట్టే ఆయనా గ్రహించాడు. లేచి ఎనిమిదో తరగతికి వెళ్ళి, జగన్నాధం వీపు వెనక నుంచుని, పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. జగన్నాధం సుద్దతో రాసుకుపోతూనే ఉన్నాడు.

మేష్టారు బతిమాలాడు. క్లాసు బాగుపడిందన్నాడు, మార్కులు చూపించాడు. "మీరు రాసింది చాలా బాగుందండీ, రిమార్కంటే ఇలా ఉండాలి," అన్నాడు అధికారి, నిజంగానే మెచ్చుకుంటూ. "కానీ తెలిశాక నేను ఊరుకోడానికి లేదు." వేసవి సెలవుల్లో జగన్నాధాన్ని బోర్డుకి పంపారు. బడి తెరిచేనాటికి లెక్కలకి కొత్త పంతులొచ్చాడు.

జూలైలో మేష్టారు శ్రీకూర్మం దగ్గర జగన్నాధం ఊరెళ్ళాడు. వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడతను. గెడ్డం పెరిగింది. సుభద్రమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, వెంటనే లోపలికెళ్ళిపోయింది. మేష్టారు అతని ఎదురుగా పీట మీద కూర్చుని, మాటలు కూడదీసుకుని, "నన్ను క్షమించు జగన్నాధం. ఆ పాత కాగితమే ఉంచాల్సింది," అన్నాడు.

జగన్నాధం ఆయన పెదాల వైపు చూస్తూ విన్నాడు. కోపమేమీ లేదు మొహంలో. అది ఉన్నా బాగుండునని మేష్టారికి అనిపించింది.

"మీరు తప్పేటీ రాయలేదు మేష్టారూ. అదే నా బాధ," అన్నాడు. "అందులో ఒక్క తిట్టున్నా, ఈపాటికి మిమ్మల్ని తిట్టుకుంటా బతికీసేవోణ్ణి. ఇప్పుడు పొద్దల్లా ఈ అరుగు మీద కూకుని ఎవుణ్ణి తిట్టుకోవాల?"